పురిటింటి పలకరింపు: సలహాలు లేకుండా సంతోషం పంచుకోవడం ఎలా

మా అమ్మాయి పుట్టిన ఐదో రోజు, మధ్యాహ్నం నుంచి చీకటి పడేలోపు మా పుట్టింటికి ఏడుగురు వచ్చారు. అందరూ నా మేలు కోరేవాళ్ళే. అందులో ఆరుగురు గడప దాటగానే అడిగిన మాట ఒక్కటే: "పాలు పడ్డాయా?" నాకు సిజేరియన్ అయింది, పాలు ఇంకా సరిగా పడలేదు, పాప గంటకోసారి ఏడుస్తోంది. ఒకరు వెల్లుల్లి కారం బాగా తినమన్నారు. ఒకరు పచ్చి బొప్పాయి కూర అన్నారు. ఒకరు ఆలస్యం చేయకుండా డబ్బా పాలు మొదలుపెట్టమన్నారు, ఆ వెంటనే వచ్చినావిడ డబ్బా పాలు మాత్రం ముట్టుకోవద్దన్నారు. రాత్రి అందరూ వెళ్ళాక, నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుని ఏడ్చాను.

ఏడో మనిషి మా మేనత్త. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, మంచం పక్కన కుర్చీ లాక్కుని, నా చెయ్యి పట్టుకుని "ఎలా ఉన్నావే తల్లీ, కుట్లు లాగుతున్నాయా?" అంది. ఆ తర్వాతే ఊయల వైపు చూసి "వచ్చావా బంగారు తల్లీ, నీకోసమే ఎదురుచూస్తున్నాం" అంది. ఇంకాసేపటికి వంటింట్లోకి వెళ్ళి, పొద్దున్నుంచి నిలబడే ఉన్న మా అమ్మను కూర్చోబెట్టి కాఫీ కలిపి ఇచ్చింది. మొత్తం అరగంట ఉండి వెళ్ళిపోయింది.

మిగిలిన ఆరుగురికీ నా మీద ప్రేమ తక్కువని కాదు. బాలింతను ఏమని పలకరించాలో మనకు ఎవరూ నేర్పలేదు. అందుకే మనం విన్న నాలుగు ప్రశ్నల్నే మళ్ళీ అడుగుతాం. ఆ ప్రశ్నల బదులు ఏం అనాలో, ఎప్పుడు అనాలో, ఎక్కడ ఆగాలో ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా పుట్టినరోజు నుంచి బారసాల దాకా, అంటే మొదటి 21 రోజుల గురించి.

మొదట తెలుసుకోవాల్సింది: మనం చూసే రోజులు ఎలాంటివి

సలహా నోటి దాకా ఎందుకు వస్తుందంటే, చూడగానే ఏదో తేడాగా ఉన్నట్టు అనిపిస్తుంది కాబట్టి. ఆ తేడాల్లో చాలావరకు ఆ రోజులకు మామూలే.

కాన్పు అయిన వెంటనే వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, చెంచాల్లో కొలిచేంత కొంచెమే ఉంటాయి. పాలు నిండుగా పడేది సాధారణంగా రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు. సిజేరియన్ అయినవాళ్ళకు కాస్త ఆలస్యం కావచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అంటే మీరు చూడటానికి వెళ్ళే బాలింత కుట్ల నొప్పితో, పాల కోసం ఎదురుచూస్తూ ఉండే అవకాశం చాలా ఎక్కువ.

బిడ్డ సంగతీ అంతే. పుట్టిన మొదటి రోజుల్లో బరువు కొంత తగ్గుతుంది. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ రెండు కిలోల ఎనిమిది వందలకు దిగితే డాక్టర్లు సాధారణంగా కంగారు పడరు. పది, పద్నాలుగు రోజులకు ఆ బరువు తిరిగి వస్తుంది. చాలామంది పిల్లలకు మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఒళ్ళు కాస్త పచ్చబడుతుంది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతారు, అంటే రెండు మూడు గంటలకోసారి. రాత్రీ పగలూ తేడా తెలియదు. సరిగ్గా ఆ రోజుల్లోనే తల్లి ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, కారణం లేకుండానే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

అంటే నాలుగో రోజునో ఐదో రోజునో వెళ్ళినవాళ్ళకు కనిపించేది చిక్కిపోయిన బిడ్డ, పచ్చటి ఒళ్ళు, ఏడుపు, పాలు చాలక దిగులుపడే తల్లి. చూసినవాళ్ళ మనసు ఊరుకోదు, ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. బిడ్డ బరువు, ఒంటి రంగు, పాలు పట్టే తీరు ఆస్పత్రిలో డాక్టర్, నర్సు చూస్తూనే ఉన్నారు. మనం చెప్పబోయేది ఆ తల్లి ఆ రోజు ఇప్పటికే అయిదారుసార్లు విని ఉంటుంది.

కబురు తెలిసిన రోజు: ఏం రాయాలి

వాట్సాప్‌లో కబురు రాగానే మొదట చూడాల్సింది, అది ఎవరు పంపారు అన్నది. తండ్రి పంపితే తండ్రికే జవాబు రాయండి, తల్లికి విడిగా ఒక చిన్న మెసేజ్ పెట్టండి. ఫోన్ మాత్రం ఆ రోజు చేయకండి. మందు మత్తు దిగుతున్న మనిషికి, ఆస్పత్రి కౌంటర్ల చుట్టూ తిరుగుతున్న తండ్రికి ఫోన్ ఎత్తడం కూడా ఒక పనే. అమ్మమ్మా నాయనమ్మల తరం వాళ్ళకు మాత్రం మెసేజ్ చాలదనిపిస్తుంది. వాళ్ళకు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడితే ఎంతో పొంగిపోతారు. "అమ్మమ్మ అయిపోయారు పిన్నీ, శుభాకాంక్షలు" అన్న మాట ఆవిడ నలుగురికీ చెప్పుకుంటుంది.

మెసేజ్‌లో మూడే ఉండాలి: సంతోషం, తల్లి క్షేమం, జవాబు అక్కర్లేదన్న మాట. మీ చెల్లెలి వరస అమ్మాయికి ఇలా రాయొచ్చు:

"పాప పుట్టిందని తెలిసి ఇక్కడ ఇల్లంతా పండగలా ఉందిరా. నువ్వు క్షేమంగా ఉన్నావని విన్నాక ప్రాణం హాయిగా ఉంది. బాగా పడుకో. దీనికి జవాబు రాయక్కర్లేదు."

ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్ళకు: "బాబు పుట్టాడని విన్నాను, చాలా సంతోషం అండి. మీరు, మేడం, బాబు ముగ్గురూ క్షేమంగా ఉండాలి. ఇక్కడి పని మేం చూసుకుంటాం, మీరు ఫోన్ పక్కన పెట్టేయండి." ఆ చివరి వాక్యం నిజమైతేనే రాయండి.

బరువెంత, నార్మలా సిజేరియనా, ఎవరి పోలిక, రంగెలా ఉంది, ఇవేవీ ఆ రోజు అడగొద్దు. "నార్మలా?" అన్నది మనకు వివరం లాగే అనిపిస్తుంది. సిజేరియన్ అయిన అమ్మాయికి మాత్రం అది పరీక్ష ఫలితం అడిగినట్టు వినిపిస్తుంది. "అయ్యో, చివర్లో ఏమైంది?" అన్న మాట తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఫోటో కూడా మనం అడగకూడదు. వాళ్ళు పంపితే చూసి మురిసిపోండి, వేరే గ్రూపుల్లోకి మాత్రం పంపొద్దు. బారసాల దాకా బిడ్డ ముఖం బయట చూపించకూడదనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి, పెట్టాలనుకుంటే వాళ్ళే పెడతారు.

ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. ఆడపిల్ల పుట్టినప్పుడు "మహాలక్ష్మి పుట్టింది" అంటాం. ఆ మాట ఎంతో మంచిది, మనసులో నిజంగా అదే ఉంటే. "పోనీలే, లక్ష్మీదేవే కదా" అంటే మాత్రం అది ఓదార్పు. ఓదార్పు అన్నాక, బాధపడాల్సింది ఏదో జరిగిందన్నమాట. రెండో కాన్పులో కూడా అమ్మాయే అయితే ఈ తేడా తల్లికి కత్తిలా తగులుతుంది. బాబు పుడితే ఏ వాక్యం రాసేవారో పాప పుట్టినా అదే వాక్యం రాయండి. ఒకసారి చదువుకుని చూస్తే తేడా ఉందో లేదో మీకే తెలుస్తుంది.

బిడ్డను పుట్టగానే ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో పెట్టారని తెలిస్తే చాలామంది శుభాకాంక్షలు చెప్పడానికే జంకుతారు. అలా ఊరుకోవద్దు. "పాప వచ్చేసింది, అమ్మానాన్నా అయ్యారు, ప్రేమతో శుభాకాంక్షలు. మీకు వీలు ఉన్నప్పుడు చెప్పండి, ఆస్పత్రికి భోజనం తెస్తాను" అనండి చాలు. ఎప్పుడు డిశ్చార్జ్, ఎందుకలా అయింది, మా ఎరుకలో ఒకళ్ళకి కూడా ఇలాగే అయి, ఇవన్నీ వద్దు.

మాటలో సలహా ఎక్కడ దాక్కుంటుంది

"నేను సలహా ఏమీ ఇవ్వలేదే, ఊరికే అడిగానంతే" అని అనుకుంటాం. మన భాషలో సలహా ఎక్కువగా ప్రశ్న రూపంలోనే వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి నేను కొన్ని చిన్న పదాల మీద కన్నేసి ఉంచుతాను.

మొదటివి "ఇంకా", "అప్పుడే". "ఇంకా పేరు అనుకోలేదా?" "ఇంకా ఉయ్యాల్లో వెయ్యలేదా?" "అప్పుడే డైపర్లు వేస్తున్నారా?" "అప్పుడే ఏసీ గదిలోనా?" ఈ రెండు పదాల్లో ఏది వచ్చినా, అవతలివాళ్ళు ఆలస్యం చేశారనో తొందరపడ్డారనో తీర్పు ఇచ్చేసినట్టే. అవి తీసేస్తే ప్రశ్నలో అడగడానికి ఏమీ మిగలదు. అప్పుడు ఆ ప్రశ్నే మానేయొచ్చు.

రెండోది వాక్యం చివర. "పట్టాలి", "కూడదు", "చూసుకోవాలి", "మానెయ్యి", "పెట్టండి" అని ముగిస్తే అది ఉపదేశమే, ఎంత ముద్దుగా చెప్పినా. మూడోది "మావాడికైతే", "మా కాలంలో". మీ అనుభవం మీకు ప్రియమైనదే. కానీ ఆ మాట మొదలవగానే తల్లి తన బిడ్డను మీ బిడ్డతో పోల్చుకోవడం మొదలుపెడుతుంది. "మావాడు మూడో వారానికే రాత్రంతా పడుకునేవాడు" అన్న ఒక్క వాక్యానికి ఒక అమ్మాయి నెల రోజులు కుమిలిపోవడం నేను చూశాను.

మెచ్చుకోలులో కూడా ఇది దూరుతుంది. "బాబు బాగున్నాడు, కాస్త ఒళ్ళు చేస్తే ఇంకా బాగుంటాడు." ఈ వాక్యంలో రెండో సగం కోసేస్తే మొదటి సగం అందంగా ఉంది. మెచ్చుకున్న చోటే ఆగండి. భయపెట్టే జోస్యాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. "ఇక నీ నిద్ర అయిపోయినట్టే, చూడు నాన్నా ముందు ముందు" అని తండ్రితో సరదాకి అంటారు. రాత్రి రెండు గంటలు కూడా పడుకోని మనిషి దానికి నవ్వలేడు.

మరి ఏం అనాలి? బిడ్డ గురించి ప్రశ్నలు వద్దు, బిడ్డతోనే మాట్లాడండి. "ఎంత బుజ్జి వేళ్ళురా నీవి", "అమ్మ గొంతు వినగానే ఎలా తిరిగి చూస్తున్నావో". ఇలా కంటికి కనిపించినదాన్ని చెప్పండి. ప్రశ్న అడగాలనిపిస్తే తల్లిని గురించి అడగండి: "ఇవాళ ఎలా ఉంది నీకు?", "ఏమన్నా తిన్నావా?", "కాసేపు నడుం వాల్చావా?" వీటికి తప్పు జవాబు అంటూ ఉండదు. అందుకే అడగొచ్చు.

చూడటానికి వెళ్ళేటప్పుడు

పురుడు పాటించే ఇళ్ళలో పదకొండో రోజు దాకా బయటివాళ్ళను రానివ్వరు, కొందరు ఇరవై ఒకటో రోజు బారసాలకే పిలుస్తారు. కొందరు ఏదీ పాటించరు. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిది, కాబట్టి ముందే అడిగి వెళ్ళండి. అడిగే తీరులో కాదనడానికి వీలుండాలి: "ఈ ఆదివారం సాయంత్రం ఒక అరగంట వచ్చి చూద్దామనుకుంటున్నాను. మీకు కుదరకపోతే బారసాలకే కలుద్దాం, అదీ ఆనందమే." దగ్గో జలుబో ఒళ్ళు వెచ్చగానో ఉంటే, పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్నా, ఆ రోజు ప్రయాణం మానుకోండి. వెళ్ళాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ఎవరూ అడగకముందే. బిడ్డను ముద్దు పెట్టుకోవద్దు. ఎత్తుకుంటానని అడగొద్దు, వాళ్ళు ఇస్తే కూర్చుని ఎత్తుకోండి. నిద్రపోతుంటే లేపొద్దు. పాలు పట్టే వేళ అయితే మీరే లేచి గది బయటికి రండి, ఆ అమ్మాయి అడగడానికి మొహమాటపడుతుంది.

చేతిలో ఏం పట్టుకెళ్ళాలి అన్నదాని మీద నా అభిప్రాయం గట్టిది. బాలింత పథ్యం ఇంటింటికీ మారుతుంది. ఒకచోట బీరకాయ, సొరకాయ, కారప్పొడి, నెయ్యి, వెల్లుల్లి అని లెక్కగా పెడతారు. ఇంకోచోట డాక్టర్ చెప్పినట్టు అన్నీ తినమంటారు. మీరు వండి తెచ్చినది ఆ పథ్యంలో పట్టకపోతే, తినాలా వద్దా అని ఆ ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. అందుకే బాలింతకు వంట తీసుకెళ్ళను. బాలింతను చూసుకుంటున్నవాళ్ళకు తీసుకెళ్తాను. పథ్యం వంట వేరు, ఇంట్లో మిగతావాళ్ళ వంట వేరు చేసి, రాత్రి బిడ్డను జోకొట్టి, పొద్దున్నే స్నానానికి నీళ్ళు కాచే అమ్మమ్మకు ఒక పూట వంట తప్పడం ఎంత సుఖమో చెప్పలేను. నలుగురికి సరిపడా పప్పు, వేపుడు, పెరుగు, అన్నం క్యారేజీలో సర్ది, "ఇది మీకు పిన్నీ, రాత్రికి పొయ్యి వెలిగించకండి" అనండి. గిన్నెలు తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బాల్లో పెడితే ఇంకా మేలు.

బట్టలు తెస్తే మొదటి నెల సైజు తేకండి, అవి ఇంటి నిండా ఉంటాయి. ఆరు నెలల పైబడిన సైజు మెత్తటి నూలు బట్టలు పనికొస్తాయి. వసకొమ్ము, గ్రైప్ వాటర్, కాటుక లాంటివి మాత్రం బహుమతిగా ఇవ్వొద్దు. వస్తువు రూపంలో ఉన్నా అవీ సలహాలే.

ఒక సాయంత్రం, మాటతో సహా

పోయిన ఏడాది మా పిన్ని కూతురికి బాబు పుట్టాడు. పదమూడో రోజు వెళ్ళాను. అడుగు పెట్టగానే బాబు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. గదిలో ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది, బాబుకు టోపీ లేదు. నా నోట్లో రెండు మాటలు రెడీగా ఉన్నాయి: "ఫ్యాన్ తగ్గించండి", "కడుపునొప్పేమో, వాము నీళ్ళు పట్టారా". రెండూ మింగేశాను. మే నెల అది, విజయవాడ. ఫ్యాన్ ఆ ఇంట్లో ఆలోచించే వేసి ఉంటారు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఆ సంగతి వాళ్ళ డాక్టరూ చెప్పే ఉంటారు. నేను వాము నీళ్ళన్న మాట ఎత్తితే పిన్ని పట్టమంటుంది, చెల్లి వద్దంటుంది. నేను వెళ్ళాక ఆ ఇద్దరి మధ్య గొడవ మిగులుతుంది.

చెల్లి ముఖం చూశాను. నేను ఏదో అంటానని ఎదురుచూస్తున్నట్టుంది.

"అక్కా, పొద్దున్నుంచి ఇంతే" అంది.

"అయ్యో, నువ్వెంత అలిసిపోయావో" అన్నాను. "నేను ఇక్కడ కూర్చుంటాను. మంచినీళ్ళు తెమ్మంటావా?"

"తేవా."

నీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగింది. బాబును భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగింది. ఐదారు నిమిషాలకు ఏడుపు తగ్గింది.

"నీ భుజం మీద ఎంత ఒదిగిపోయాడో చూడు" అన్నాను.

అప్పుడు తనే అడిగింది. "అక్కా, మీ పాప కూడా ఇలాగే ఏడ్చేదా? నువ్వేం చేసేదానివి?"

అడిగారు కాబట్టి చెప్పొచ్చు. కానీ అడిగినంతే. "సాయంత్రాలు ఏడ్చేది. పాలు తాగాక కాసేపు నిటారుగా ఎత్తుకుంటే మాకు కొంచెం నయంగా ఉండేది. నీకు అనుమానంగా ఉంటే డాక్టర్‌కి ఓ మెసేజ్ పెట్టి కనుక్కో" అన్నాను. మా ఇంట్లో జరిగింది ఒకే ఒక్కటి చెప్పాను. ఆమె పాటించిందో లేదో మళ్ళీ అడగలేదు. ఒకసారి అడిగింది కదా అని అక్కడినుంచి పది విషయాలు చెప్పుకుంటూ పోవడం దగ్గరే చాలామంది జారిపోతారు. రెండో సలహా చెప్పాలంటే రెండోసారి అడగాలి, అది నా లెక్క.

వచ్చేముందు మా మరిదితో "రాత్రుళ్ళు నువ్వే ఎత్తుకుంటున్నావటగా, పిన్ని చెప్పింది, చాలా బాగుంది" అన్నాను. తండ్రిని ఎవరూ పలకరించరు. అతని ముఖం వెలిగిపోయింది.

నోరు జారితే

జారుతుంది. ఎన్నేళ్ళ అలవాటో ఇది. "టోపీ పెట్టొచ్చుగా" అనేశారనుకోండి. దాన్ని సమర్థించుకుంటూ కారణాలు చెబితే ఇంకా లోతుకు వెళ్తుంది. "అలవాటుకొద్దీ అనేశానమ్మా, నీకు తెలియనిది కాదు" అని ఒక్క మాట అని, ఇంకో విషయంలోకి వెళ్ళిపోండి. మీ వెంట వచ్చిన పెద్దవాళ్ళు అంటుంటే వాళ్ళను అందరి ముందు ఆపొద్దు. "అత్తయ్యా, వాళ్ళ డాక్టర్ అన్నీ చెప్పారట" అని తల్లి తరఫున మీరే జవాబు చెప్పండి. ఆ మాట తను అంటే ఎదురు చెప్పినట్టవుతుంది, మీరు అంటే కాదు.

మాట్లాడకుండా ఉండకూడని చోటు

సలహా మానుకోవడం వేరు, ప్రమాదం చూసి ఊరుకోవడం వేరు. ఈ రెండింటినీ ఎలా వేరు చేయాలంటే, మీకు నచ్చని పద్ధతి కనిపిస్తే మౌనం, బిడ్డలోనో తల్లిలోనో అపాయపు గుర్తు కనిపిస్తే మాట.

బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉండటం, పాలు పట్టుకోకపోవడం, ఊపిరికి డొక్కలు ఎగరేయడం, ఒళ్ళు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాలడం, పచ్చదనం అరచేతులు, అరికాళ్ళ దాకా పాకడం, చాలా గంటలుగా మూత్రం పోయకపోవడం. వీటిలో ఏది చూసినా ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళాల్సిన పని. అప్పుడు కూడా చేయాల్సింది వైద్యం చెప్పడం కాదు. తల్లినో తండ్రినో పక్కకు పిలిచి, "నాకు కొంచెం భయంగా ఉంది, ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేద్దామా? బండి తీస్తాను, నేనూ వస్తాను" అనండి. నలుగురిలో "అయ్యో ఇలా ఉన్నాడేంటి" అంటే ఇల్లంతా గగ్గోలవుతుంది, పని మాత్రం ఆలస్యమవుతుంది.

మీ ముందే నాలుక మీద తేనె రాయబోతుంటే కూడా ఊరుకోవద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనెతో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే వీలుంది. మన ఇళ్ళలో పెద్దలు ప్రేమతో, ఆచారంగా రాస్తారు, కాబట్టి ఆచారాన్ని తప్పుపట్టకుండా "ఏడాది నిండేదాకా తేనె వద్దని డాక్టర్లు చెబుతున్నారు పెద్దమ్మా, అప్పుడు మీ చేత్తోనే నాకిద్దాం" అంటే చాలాసార్లు ఒప్పుకుంటారు.

ఇక తల్లి. మొదటి రెండు వారాల్లో ఊరికే కళ్ళనీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే, బిడ్డ వైపు చూడాలనిపించట్లేదని చెబితే, దాన్ని "అందరికీ ఉండేదేలే" అని కొట్టిపారేయొద్దు. "ధైర్యంగా ఉండాలి" అన్నదీ సలహానే, అదీ వద్దు. "ఇది నీ తప్పు కాదు, డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం" అనండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనిపిస్తోందనో, బిడ్డకు ఏమైనా చేస్తానేమోనని భయంగా ఉందనో అంటే ఆమెను ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

వచ్చేశాక

మూడో వారం దాటితే జనం రావడం తగ్గిపోతుంది, అలసట మాత్రం అలాగే ఉంటుంది. బారసాల అయిన వారానికి ఒక మెసేజ్ పెట్టండి, ఈసారి పని పేరు చెప్పి: "గురువారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఖాళీగా ఉంటాను. వచ్చి పెద్దదాన్ని పార్కుకు తీసుకెళ్ళనా, నువ్వు పడుకుంటావు?" "ఏమైనా కావాలంటే చెప్పు" అంటే ఎవరూ చెప్పరు, ఏం కావాలో ఆలోచించే ఓపిక కూడా ఆ రోజుల్లో ఉండదు. అవునంటే టైముకు వెళ్ళండి. జవాబు రాకపోతే అడగొద్దు, ఇంకో వారానికి మళ్ళీ రాయండి.

మా చెల్లి నా మెసేజ్‌కు తొమ్మిది రోజుల తర్వాత జవాబిచ్చింది, తెల్లవారుజామున మూడున్నరకు: "అక్కా, రేపు రాగలవా?"

పొద్దున్నే బయల్దేరాను.